`UPDATE 18642`: ఆ తప్పులో ముగ్గురి వాటా

2023 మే 17, బుధవారం. ఉద్దానంలో జీడిపిక్కల సీజను ఆఖరికొచ్చింది. ఉదయం పదకొండు నలభై ఏడుకి ఫోను మోగింది. అవతల మా ప్రోగ్రామర్ కుర్రాడు. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నాడు.

"అన్నా, ఒక చీటీ రేటు మార్చబోయాను. అన్ని చీటీలదీ మారిపోయింది."

"ఎన్ని?"

"పద్దెనిమిది వేల ఆరువందల నలభై రెండు."

ఆ టేబుల్లో ఉన్న చీటీలు మొత్తం అన్నే.

నేను శ్రీకాకుళంలో ఉంటాను. ఒక చిన్న సాఫ్ట్‌వేర్ షాపుకి కాంట్రాక్టు మీద డేటాబేస్‌లు చూసిపెడతాను, డీబీఏ అంటారు. వాళ్ళు చేసిన కొనుగోలు సాఫ్ట్‌వేర్‌ని పలాసలో ఒక జీడి వ్యాపారి మూడు కాటాల దగ్గర వాడుతున్నాడు. రైతు పిక్కలు తెస్తాడు, తూకం వేస్తారు, రేటు మాట్లాడుకుంటారు, చీటీ ఇస్తారు. ఆ చీటీలన్నీ `purchases` అనే ఒక టేబుల్లో ఉంటాయి. స్క్రీన్లు రాసింది ఫోన్ చేసిన కుర్రాడు. మూడేళ్ళ కిందట టేబుళ్ళు గీసింది హైదరాబాదులో ఉండే ఒక మేడమ్. ఆ రెండూ నడిచే మెషీను, దాని బ్యాకప్, దాని తాళాలు నా బాధ్యత. వ్యాపారికి మాత్రం ముగ్గురమూ 'కంప్యూటరోళ్ళమే'. మా షాపు ఓనరుకీ అంతే అనుకోండి. మొన్నామధ్య ఉద్యోగ ప్రకటన ఇస్తూ 'డీబీఏ కమ్ డెవలపర్' అని వేయించాడు.

ఆ సంగతి తెలిసినవాళ్ళంతా తప్పు కుర్రాడిదే అన్నారు. నేను ఒప్పుకోను. నా లెక్కలో అందరికంటే పెద్ద వాటా నాది, తర్వాతది డిజైనర్ మేడమ్‌ది, ఆఖరిది వాడిది. ఎందుకో చెప్పాలంటే ఆ రోజు మొత్తం విప్పి చెప్పాలి.

కాటా దగ్గర గుమాస్తా ఒక చీటీలో బస్తా రేటు 8,200 బదులు 8,020 కొట్టాడు. మూడు బస్తాలు, బస్తాకి 80 కిలోల చొప్పున 240 కిలోలు. రైతుకి 24,600 రావాల్సిన చోట 24,060 పడింది. తేడా 540 రూపాయలు. చీటీ ఒకసారి సేవ్ అయ్యాక రేటు దిద్దడానికి మా సాఫ్ట్‌వేర్‌లో స్క్రీను లేదు. అందుకని ఎప్పట్లాగే గుమాస్తా కుర్రాడికి ఫోన్ చేశాడు. వాడు కూడా ఎప్పట్లాగే, మా డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్‌కి నేరుగా ఆజ్ఞలిచ్చే పీజీఅడ్మిన్ తెరిచి అసలు డేటాబేస్ మీదే ఇలా రాశాడు:

```sql
UPDATE purchases SET rate = 8200
WHERE slip_no = 18611;
```

రాసిందాంట్లో తప్పు లేదు. పీజీఅడ్మిన్‌లో ఒక అలవాటుంది. ఎడిటర్లో కొంత ముక్కని మౌస్‌తో సెలెక్ట్ చేసి రన్ కొడితే, ఆ ముక్క మాత్రమే నడుస్తుంది. వీడు మొదటి లైను కాపీ చేసుకుని కింద అమౌంట్ కోసం ఇంకో అప్‌డేట్ రాసుకున్నాడు. తర్వాత పై లైను మళ్ళీ సెలెక్ట్ అయి ఉండగానే రన్ నొక్కాడు. ఏ చీటీయో చెప్పే `WHERE` ఉన్న లైను పోస్ట్‌గ్రెస్ దాకా వెళ్ళనే లేదు. ఆటోకమిట్ ఆన్‌లో ఉంది, అంటే ఆజ్ఞ నడిచిన వెంటనే మార్పు ఖాయమైపోతుంది. `UPDATE 18642` అని జవాబొచ్చేసరికి అంతా అయిపోయింది.

నాకు ఫోన్ చేయడానికి వాడికి ఆరు నిమిషాలు పట్టింది. ఆ ఆరు నిమిషాలూ తెర వంక చూస్తూ కూర్చున్నానని తర్వాత చెప్పాడు. దానికి నేనేమీ అనలేదు. ఆ కుర్చీలో నేనూ కూర్చున్నవాణ్ణే.

"ఇంకేం ముట్టుకోకు. కింద రాసుకున్న రెండో అప్‌డేట్ కొట్టకు. ఆ కిటికీ మూసెయ్యకు" అన్నాను. వ్యాపారికి ఫోన్ చేసి, కొత్త చీటీలు రాసుకోవచ్చు గానీ పాత చీటీలకి డబ్బు చెల్లించడం మాత్రం మధ్యాహ్నం దాకా ఆపమన్నాను. అప్పటికే కౌంటర్ దగ్గర ఒక పెద్దాయన వోచరు పట్టుకుని నిలబడ్డాడట. "ఏటి బాబూ, నిన్న ఎనిమిదేల నాలుగొందలని రాసిచ్చినారు, ఇయాల ఎనిమిదేల రెండొందలంటన్నారు?" అని అడుగుతున్నాడట. వోచరు మీద అమౌంటు నిన్నటిదే, రేటు మాత్రం మారిపోయింది. ఆయన సరిగ్గానే పట్టుకున్నాడు.

ఈ లోపల కుర్రాడు కాస్త తేరుకుని ఒక ఉపాయం చెప్పాడు. రేటు పోయింది గానీ అమౌంటు కాలమ్ చెక్కుచెదరలేదు, కిలోలూ ఉన్నాయి. అమౌంటుని ఎనభైతో హెచ్చవేసి కిలోలతో భాగిస్తే రేటు వచ్చేస్తుంది కదా? పది నిమిషాల పని. బ్యాకప్పులూ అవీ ఎందుకు?

వినడానికి బాగుంది. రెండు మూడు చీటీలు వేసి చూస్తే సరిపోయింది కూడా. నాలుగోది చూడగానే ఇద్దరం ఆగిపోయాం. 240 కిలోలు, అమౌంటు 24,570. వెనక్కి కడితే రేటు 8,190 వస్తోంది. రైతు దగ్గరున్న కార్బన్ కాపీ ఫోటో వాట్సాప్‌లో తెప్పించాం. దాని మీద 8,400 ఉంది.

తరుగు! పిక్క తడిగా ఉంటే కాటా దగ్గర బస్తాకి రెండు కిలోలు తీసేస్తారు. మూడు బస్తాలకి ఆరు కిలోలు పోను 234. దాన్ని ఎనభైతో భాగించి 8,400తో హెచ్చవేస్తే సరిగ్గా 24,570. అంటే ప్రోగ్రాం తరుగుని స్క్రీన్ మీద అడిగింది, అమౌంటు కట్టడానికి వాడుకుంది, ఆ తర్వాత వదిలేసింది. ఎందుకంటే టేబుల్లో తరుగు అనే కాలమ్ లేదు. `kg` లో ఉన్నది కాటా చూపించిన మొత్తం బరువు.

8,190 చూడ్డానికి నిజం రేటులాగే ఉండటం నాకు భయం వేసిన సంగతి. 3,000 అనో 19,000 అనో వస్తే ఎవరైనా పట్టుకుంటారు. 8,190 అంటే ఏదో పది తగ్గించి బేరమాడుకున్నారులే అనుకుంటారు. కుర్రాడి ఉపాయం ప్రకారం వెళ్ళి ఉంటే ఒక పెద్ద తప్పుని కొన్ని వేల చిన్న తప్పులుగా చేసి టేబుల్లో పాతిపెట్టేవాళ్ళం. అవి ఇక ఎప్పటికీ బయటపడేవి కావు.

డిజైనర్ పని ఏమిటో ఇక్కడే తెలుస్తుంది. టేబుల్ గీయడమంటే డబ్బాలు గీసి బాణాలు కలపడమని చాలామంది అనుకుంటారు. అసలు పని, ఆ వ్యాపారంలో ఏ సంగతి జరిగితే అది రాసి ఉంచాలో తేల్చడం. తరుగు తీయడం ఒక సంగతి. డబ్బు దాని మీద ఆధారపడి ఉంది, రేపు తగాదా వస్తే వచ్చేది దాని మీదే. అది టేబుల్లో లేదంటే ఆ వ్యాపారాన్ని మనం సగమే రాసినట్టు. మేడమ్ తెలివితక్కువ మనిషేమీ కాదు. ఆమె పలాస వచ్చి వ్యాపారితో రెండు రోజులు కూర్చుంది. కానీ వచ్చింది సీజను కాని రోజుల్లో, కాటా నడుస్తుండగా చూడలేదు. వ్యాపారి తరుగు సంగతి చెప్పలేదు. ఆయనకి అది ఊపిరి తీసుకోవడం లాంటిది, చెప్పాలని తోచదు. అడగాల్సింది ఆమె.

ఈ మాటంటే డీబీఏలకి డిజైనర్ల మీద చిన్నచూపని మీరనుకోకూడదు. సంఘటన అయ్యాక నేనే ఒక సలహా ఇచ్చాను. రోజువారీ రేట్ల టేబుల్ ఒకటి పెట్టి, చీటీలో రేటు అందులో ఉంటేనే ఎక్కేలా ఫారిన్ కీ కట్టేస్తే 8,020 అనే అంకె అసలు లోపలికే రాదు కదా అన్నాను. మేడమ్ వెంటనే కొట్టిపారేసింది. రేటు పిక్క నాణ్యం బట్టి, రైతుకున్న పాత బాకీ బట్టి ఏ చీటీకి ఆ చీటీ బేరం. రేట్ల టేబుల్ పెడితే గుమాస్తా ప్రతి బేరానికీ ముందు అందులో ఒక వరస చేర్చుకుని, తర్వాత చీటీ రాస్తాడు. తప్పు అంకె అలాగే ఎక్కుతుంది, కాకపోతే రెండు చోట్ల ఎక్కుతుంది. ఆమె చెప్పింది నిజం. నాకు డిస్కులూ బ్యాకప్పులూ తెలుసు, బేరం తెలియదు. డీబీఏ వెళ్ళి టేబుళ్ళ ఆకారం మార్చబోతే ఇలాగే ఉంటుంది.

ఈ పనుల విభజన మా షాపులో పుట్టింది కాదు. అమెరికాలో అన్సీ/స్పార్క్ అనే ప్రమాణాల బృందం 1975లోనే డేటాబేస్‌ని మూడు అంతస్తులుగా చూడాలని నివేదిక ఇచ్చింది. పైన ఒక్కో ప్రోగ్రాంకీ కనిపించే రూపం, మధ్యలో సంస్థ మొత్తానికి ఉమ్మడిగా ఉండే అర్థం, అడుగున డిస్కు మీద నిజంగా పడుండే తీరు. మూడింటికీ ముగ్గురు వేర్వేరు అడ్మినిస్ట్రేటర్లను కూడా చెప్పింది. అందులో డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ అనే పేరు అడుగు అంతస్తు వాడికి పెట్టింది. మనం ఇప్పుడు డిజైనర్ అంటున్న మనిషి పని నడిమి అంతస్తు. పలాస చీటీని ఆ లెక్కన చూస్తే, రేటు దిద్దే స్క్రీను లేకపోవడం పై అంతస్తు లోటు, తరుగు కాలమ్ లేకపోవడం నడిమి అంతస్తు లోటు. అడుగు అంతస్తు లోటు సంగతికి ఇంకాసేపట్లో వస్తాను.

ముందు రేట్లు ఎలా వెనక్కి తెచ్చామో చెప్పనివ్వండి.

పోస్ట్‌గ్రెస్‌లో ఒక వరసని అప్‌డేట్ చేస్తే పాత వరస వెంటనే చెరిగిపోదు. కొత్తది పక్కన రాస్తుంది, పాతది ఫైల్లోనే చచ్చిపడి ఉంటుంది. వాక్యూమ్ వచ్చి ఊడ్చేదాకా దాన్ని తవ్వి తీసే పనిముట్లున్నాయి. నాకు మొదట ఆ ఆశే కలిగింది. కానీ ఆటోవాక్యూమ్ నిమిషానికోసారి చుట్టుతిరుగుతుంది. మామూలు సెట్టింగుల్లో టేబుల్లో ఐదో వంతు వరసలు, పైన ఇంకో యాభై చచ్చిపోతే ఊడ్చేస్తుంది. ఇక్కడ ఐదో వంతు కాదు, నూటికి నూరూ చచ్చాయి. నేను చూసేసరికి `last_autovacuum` లో 11:42 ఉంది. ఆ దారి మూసుకుపోయింది.

కుర్రాడి రెండో సలహా, నిన్న రాత్రి పది గంటలకి తీసిన నకలు, డంప్ అంటాం, అది తెరవడం. అది ఉంది, బాగానే ఉంది. కానీ అందులో ఇవాళ పొద్దున్న రాసిన 143 చీటీలు లేవు. వాటిని కార్బన్ కాపీలు చూసి కొట్టొచ్చు అన్నాడు. కొట్టొచ్చు, కొట్టేటప్పుడు ఇంకో నాలుగు 8,020లు పడతాయి. మొదలైంది ఒక కొట్టుడు తప్పుతోనే కదా.

మూడో దారి నేను ముందే వేసి ఉంచుకున్నది. డేటాబేస్‌లో జరిగే ప్రతి మార్పునీ పోస్ట్‌గ్రెస్ ముందుగా వాల్ అనే లాగులో, అంటే ఒక చిట్టాలో రాస్తుంది. 16 ఎంబీల చొప్పున ఫైళ్ళు. ఒక్కో ఫైలూ నిండగానే, నిండకపోయినా పని నడుస్తుంటే ఐదు నిమిషాలకోసారి, అది విశాఖపట్నంలో ఉన్న మెషీనుకి వెళ్ళిపోయేలా పెట్టాను. ప్రతి ఆదివారం రాత్రి డేటాబేస్ మొత్తానికి ఒక బేస్ బ్యాకప్ తీస్తాను. ఆదివారం బ్యాకప్ తెరిచి, దాని మీద లాగు ఫైళ్ళు వరసగా ఆడించుకుంటూ వస్తే మధ్యలో మనకి కావలసిన క్షణం దగ్గర ఆగొచ్చు.

ఆ ఫైళ్ళు విశాఖపట్నంలో ఎందుకున్నాయంటే, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. అప్పట్లో నేను చూస్తున్న ఒక ఆఫీసులో సర్వరూ, దాని బ్యాకప్ హార్డ్ డిస్కూ ఒకే గదిలో, ఒకే ఇనుప బీరువా పక్కన ఉండేవి. పైకప్పు రేకు లేచిపోయాక రెండూ ఒకే నీళ్ళలో తడిశాయి. విశాఖపట్నానికి మాత్రం తుఫాను రాదా అంటారా? 2014లో హుద్‌హుద్ సరిగ్గా దాని మీదే పడింది. అందుకే ఆదివారం బ్యాకప్ ఇంకో నకలు హైదరాబాదులో ఉంటుంది.

కుర్రాడి అప్‌డేట్ సరిగ్గా ఎప్పుడు నడిచిందో ముందు తేలాలి. వాడి గడియారాన్ని నమ్మలేం. `log_statement` ని `mod` మీద ఉంచడం వల్ల డేటాని మార్చే ప్రతి ఆజ్ఞా సర్వర్ లాగులో టైముతో పడుతుంది. 11 గంటల 41 నిమిషాల 12 సెకన్ల 480 మిల్లీసెకన్లు. ఆ లైను పడేది ఆజ్ఞ మొదలయ్యేటప్పుడు, కమిట్ ఆ తర్వాత. కాబట్టి 12వ సెకను దగ్గర ఆగితే వాడి తప్పు అందులోకి రాదు. సర్వర్లో `SELECT pg_switch_wal();` కొట్టి అప్పుడే నడుస్తున్న లాగు ఫైలుని కూడా బయటికి పంపించాను. తర్వాత పక్క మెషీను మీద ఆదివారం బ్యాకప్ పరిచి, సెట్టింగుల్లో ఇవి రాసి, `recovery.signal` అనే ఖాళీ ఫైలు పెట్టాను:

```
restore_command = 'cp /arch/%f %p'
recovery_target_time = '2023-05-17 11:41:12+05:30'
recovery_target_action = 'pause'
archive_mode = off
```

ఆఖరి లైను చిన్నదే గానీ మర్చిపోతే ఈ నకలు మెషీను తన సొంత లాగులని అసలు మెషీను లాగుల్లోకి పంపించడం మొదలెట్టొచ్చు. రెండో లైనులో `+05:30` అని ఎందుకు రాశానో కూడా చెప్పాలి. పోస్ట్‌గ్రెస్ సెషన్లో మనం టైము పక్కన `IST` అని రాస్తే, మామూలు సెట్టింగుల్లో అది ఇజ్రాయెల్ టైము అనుకునేది. అది మనకంటే మూడున్నర గంటలు వెనక. 11:41 అని రాస్తే మనకి మధ్యాహ్నం 3:11 అని అర్థం చేసుకునేది. ఒకసారి పాత రికార్డులు వెతుకుతూ ఈ గుంటలో పడ్డాను. అప్పట్నుంచీ అంకెలే రాస్తాను.

వాల్ ఫైళ్ళు 330 దాకా ఉన్నాయి, ఐదు జీబీలకి కాస్త పైన. విశాఖపట్నం నుంచి అవి దిగి, ఒకదాని తర్వాత ఒకటి ఆడి, ఆగేసరికి పన్నెండు యాభై ఐదు అయింది. `pause` పెట్టడం వల్ల ఆ నకలు కదలకుండా నిలబడి చదవనిస్తుంది. ఒకవేళ తొందరగా ఆగితే టైము కాస్త పెంచి ముందుకి నడిపించొచ్చు. దాటిపోతే మాత్రం వెనక్కి రాదు, ఆదివారం బ్యాకప్ నుంచి మళ్ళీ మొదలెట్టాలి. చీటీలు లెక్కపెట్టాను, 18,642. పొద్దున్న రాసిన 143 కూడా ఉన్నాయి. పెద్దాయన చీటీ తీసి చూశాను. 8,400.

ఇక్కడ ఒక తప్పు చేయడానికి చాలామంది సిద్ధంగా ఉంటారు. ఈ నకలునే అసలు చోట పెట్టేద్దామంటారు. అలా చేస్తే 11:41 తర్వాత మూడు కాటాల దగ్గర రాసిన కొత్త చీటీలు పోతాయి. నేను నకలు నుంచి చీటీ నంబరు, రేటు అనే రెండు కాలమ్‌లు మాత్రం ఫైలుగా తీసి అసలు డేటాబేస్‌లో `old_rate` అనే టేబుల్లోకి ఎక్కించాను. దిద్దే ఆజ్ఞ మాత్రం నేను రాయలేదు, కుర్రాడి చేత రాయించాను. ఏ చీటీకి ఏ రేటు నిజమో చెప్పే హక్కు నాకు లేదు. ఆ ప్రోగ్రాం తెలిసినవాడు రాయాలి, వ్యాపారి లెక్కల మనిషి సరే అనాలి, అప్పుడు నేను నడపాలి.

```sql
BEGIN;
UPDATE purchases p SET rate = o.rate
FROM old_rate o
WHERE p.slip_no = o.slip_no
  AND p.slip_no <> 18611;
```

`UPDATE 18641` అని వచ్చింది. అప్పుడు `COMMIT`. మిగిలిన ఆ ఒక్క చీటీ 8,200 దగ్గరే ఉండాలి. దాని అమౌంటు విడిగా దిద్దాం, 540 రూపాయలు ఆ రైతుకి సాయంత్రం అందాయి. ఒంటిగంట ఇరవైకి చెల్లింపులు మళ్ళీ మొదలయ్యాయి.

ఇక వాటాల సంగతి.

కుర్రాడు చేయాల్సింది ఒకటే. అసలు డేటా మీద చేయి పెట్టేముందు `BEGIN` కొట్టడం. ముందు దాన్ని నడిపి ఉంటే, ఆ తర్వాత ముక్క సెలెక్ట్ అయినా `UPDATE 18642` చూసి, `ROLLBACK` కొట్టి మార్పు రద్దు చేసుకుని ఊపిరి పీల్చుకునేవాడు. అంతకంటే ముందు చేయాల్సిన పని, తరుగు అని స్క్రీన్ మీద అడుగుతూ దాన్ని దాచే చోటు లేనప్పుడు మేడమ్‌కి ఒక మాట చెప్పడం. ప్రోగ్రామర్ బాధ్యత నా దృష్టిలో ఇదే. గుమాస్తా చేసే ఒక పనిని ఏ మెట్లతో, ఏది ముందు ఏది వెనక, ఎక్కడ సగంలో ఆగితే మొత్తం వెనక్కి పోవాలో రాయడం. రేటు దిద్దడం గుమాస్తా వారానికి రెండు మూడుసార్లు చేసే పని. దానికి స్క్రీను రాయకుండా ప్రతిసారీ తనే చేత్తో దిద్దుతున్నాడు. అది ఉపకారంలా కనిపిస్తుంది గానీ, వాడి అసలు పని మిగిలిపోయి ఉందని దాని అర్థం.

మేడమ్ వాటా తరుగు ఒక్కటే కాదు. మా నాన్నగారు కాశీబుగ్గలో ఒక కొట్లో గుమాస్తాగిరీ చేసేవారు. చిట్టాలో తప్పు పడితే రబ్బరుతో తుడిచేవారు కాదు. ఒక గీత కొట్టి, పైన సరైన అంకె వేసి, పక్కన సంతకం పెట్టేవారు. పాత అంకె కిందనుంచి కనిపిస్తూనే ఉండాలి. మా `purchases` టేబుల్లో రేటు మారితే పాత రేటు ఎక్కడా మిగలదు. చిట్టా పుస్తకానికున్న పాటి జ్ఞాపకం కూడా దానికి లేదు. డబ్బు ఆధారపడే అంకెని తుడవడానికి వీల్లేకుండా గీయడం డిజైనర్ పని.

ఇక అడుగు అంతస్తు లోటుకి, అంటే నా వాటాకి వస్తాను. ఆ కుర్రాడు ఏ పేరుతో లోపలికి వెళ్ళాడో తెలుసా? `postgres`. అంటే సూపర్‌యూజర్. ఆ పాస్‌వర్డ్ వాడికి ఇచ్చింది నేనే. లాక్‌డౌన్ రోజుల్లో ఒక రాత్రి ఏదో అర్జెంటు పడితే ఫోన్లో చెప్పాను. రేపు మార్చేద్దాంలే అనుకున్నాను. ఆ రేపు మూడేళ్ళకి వచ్చింది.

బ్యాకప్ నుంచి గంటన్నరలో తెచ్చినందుకు అందరూ నన్ను మెచ్చుకున్నారు. వ్యాపారి రెండు కిలోల జీడిపప్పు పంపించాడు. తినబుద్ధి కాలేదని చెప్పను, తిన్నాను. కానీ డీబీఏ పనిలో తిరిగి తేవడం రెండో సగం. ఎవరు దేన్ని ముట్టుకోవచ్చో కట్టడి చేయడం మొదటి సగం. రెండో సగం బాగా చేశాను గనుక మొదటి సగం వదిలేసిన సంగతి ఎవరికీ కనిపించలేదు. కుర్రాడి చేయి జారింది ఒక్క క్షణం. నేను తలుపు తెరిచి పెట్టింది మూడేళ్ళు. చేయి జారడం ఎవరికైనా జరుగుతుంది. జారినప్పుడు 18,642 వరసలు అందేంత దగ్గరలో ఎందుకున్నాయన్న ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది నేను.

ఆ వారంలోనే మార్చాను. టేబుళ్ళ యజమాని వేరే రోల్, దాని పాస్‌వర్డ్ నా దగ్గరే. కుర్రాడికి చదవడానికి మాత్రమే పనికొచ్చే సొంత లాగిన్. సాఫ్ట్‌వేర్ వాడే `app_rw` కి ఇంతే:

```sql
REVOKE UPDATE ON purchases FROM app_rw;
GRANT SELECT, INSERT ON purchases TO app_rw;
GRANT UPDATE (paid_on) ON purchases TO app_rw;
```

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కూడా చెల్లించిన తేదీ తప్ప చీటీలో ఏదీ మార్చలేదు. రేటు మార్చబోతే `permission denied for table purchases` అని వస్తుంది. మొదటి రోజే అది చూసి కుర్రాడు నాకు ఫోన్ చేశాడు, "అన్నా, నా మీద నమ్మకం పోయిందా?" అని. "నా మీద నాకే పోయిందిరా, నేనూ రోజువారీ పనికి చదివే లాగినే వాడుతున్నాను" అన్నాను. అది నిజమే.

ఈ కట్టడి ఒక్కటే చేసి ఊరుకుంటే రెండో వారానికల్లా కూలిపోయేది. రేటు తప్పు పడటం ఆగదు కదా. దిద్దే దారి లేకపోతే వ్యాపారి ఓనరు మీద, ఓనరు నా మీద పడతారు. చివరికి నేను మళ్ళీ పాస్‌వర్డ్ చెప్పేస్తాను. అందుకని మేడమ్ `tarugu_kg` కాలమ్ చేర్చి, `rate_corrections` అనే టేబుల్ గీసింది. చీటీ నంబరు, పాత రేటు, కొత్త రేటు, ఎవరు, ఎప్పుడు, ఎందుకు. అందులో వరస చేర్చడమే ఉంటుంది, మార్చడం ఉండదు. చీటీలో పాత రేటు అలాగే ఉంటుంది, చెల్లింపులకి వ్యూ ద్వారా ఆఖరి రేటు వస్తుంది. మా నాన్నగారి గీత, సంతకం అనుకోండి. కుర్రాడు దాని మీద స్క్రీను రాశాడు. పాత చీటీలకి తరుగు మాత్రం ఖాళీగానే ఉంచాం. అమౌంటూ రేటూ రెండూ ఉన్నాయి గనుక లెక్కగట్టి నింపొచ్చని వాడన్నాడు, రూపాయికి సర్దినవాటిలో కొన్ని గ్రాములు అటూ ఇటూ వస్తుందని మేడమ్ వద్దంది. ఆ వాదనలో నేను నోరెత్తలేదు.

నా వంతుగా చేర్చిన ఇంకో పని నెలకోసారి రిహార్సల్. ఏదో ఒక రోజు, ఏదో ఒక టైము కుర్రాణ్ణి చెప్పమంటాను. పక్క మెషీను మీద ఆ క్షణానికి తెచ్చి, ఆ టైముకి ముందు రాసిన ఆఖరి చీటీ నంబరు వాడికి చెప్పాలి. కార్బన్ పుస్తకంతో వాడు సరిచూస్తాడు. ఆగస్టులో ఒకసారి తప్పింది. విశాఖపట్నం మెషీనులో డిస్కు నిండి రెండు రోజులుగా లాగు ఫైళ్ళు అక్కడికి చేరడం లేదు. అవన్నీ పలాస సర్వర్లోనే పేరుకుంటున్నాయి. `pg_stat_archiver` లో `failed_count` పెరుగుతూనే ఉంది, నేను చూడలేదు. ఇప్పుడు అది పెరిగితే నా ఫోన్ మోగుతుంది.

కొత్త స్క్రీను బాగానే నడుస్తోంది. కారణం రాయకపోతే రేటు దిద్దనివ్వదు. గుమాస్తా ఆ గడిలో ప్రతిసారీ 'పొరపాటు' అనే కొడుతున్నాడు. మొన్న టేబుల్ తెరిచి చూస్తే పైనుంచి కిందదాకా పొరపాటు, పొరపాటు, పొరపాటు. దానికేం చేయాలో మేడమ్‌ని అడగాలి. అది నా పని కాదు.